పాత బాకీ తక్కువకు తెగితే నిజంగా మిగిలేది ఎంత?

రెండు మూడేళ్లుగా కట్టని బిల్లు ఒకటి ఖాతాలో పడి ఉంటుంది. సరుకు ఇచ్చిన పార్టీ తిరిగి తిరిగి విసిగి, చివరికి "ఇంత ఇచ్చేయండి, లెక్క తెంచేద్దాం" అంటాడు. పన్నెండు లక్షల బాకీ ఏడు లక్షలకు తెగుతుంది. మిగిలిన అయిదు లక్షలూ లాభమే అని కొన్న వ్యాపారి అనుకుంటాడు. మార్చి ముగిశాక అకౌంటెంట్ లెక్క తేల్చేసరికి ఆ లాభం సగానికి కాస్త పైన ఆగుతుంది. మిగతాది ఎక్కడికి పోయిందన్న దగ్గరే చాలామందికి అయోమయం.

క్లుప్తంగా: సప్లయర్ వదులుకున్న మొత్తం, పుస్తకాల్లో చూపే లాభం, చేతిలో మిగిలే డబ్బు... ఈ మూడూ వేర్వేరు అంకెలు. మొదటి దానిలోంచి జీఎస్టీ భాగం తీసేస్తే రెండోది వస్తుంది. రెండో దాని మీద ఆదాయపు పన్ను పోతే మూడోది వస్తుంది. ఈ లాభం ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున పుడుతుందా, ఆఖరి వాయిదా కట్టిన రోజున పుడుతుందా అన్నది ఆ కాగితంలో రాసిన షరతును బట్టి ఉంటుంది.

## సప్లయర్ ఎందుకు దిగివస్తాడు

ఉదాహరణకు ఒక ఊహాజనిత లావాదేవీ తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే ఒక భాగస్వామ్య సంస్థ ఉంది. 2022 జూన్ 10న హైదరాబాద్‌లోని ఒక స్టీలు వ్యాపారి దగ్గర 10,00,000 రూపాయల షీట్లు కొన్నది. 18 శాతం జీఎస్టీ 1,80,000తో కలిపి బిల్లు 11,80,000. గడువు 30 రోజులు. అంటే జులై 10కి కట్టాలి. ఆర్డర్లు తగ్గి సంస్థ కట్టలేకపోయింది, బాకీ అలాగే ఉండిపోయింది.

ఇలాంటి సరుకు బాకీ మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్లు గడువిస్తుంది. ఈ బిల్లుకు అది 2025 జులై 10తో ముగుస్తుంది. 2025 మార్చి వచ్చేసరికి సప్లయర్ చేతిలో ఉన్నది నాలుగు నెలలు. దావా వేస్తే కోర్టు ఫీజు, వకీలు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. వేయకుండా కూర్చుంటే జులైలో హక్కే బలహీనపడుతుంది. పైగా బిల్లు మీది 1,80,000 జీఎస్టీని అతను 2022 జులైలోనే తన జేబులోంచి కట్టేశాడు. ఇన్ని లెక్కలు వేసుకుని 60 శాతానికి, అంటే 7,08,000కి ఒప్పుకున్నాడు. వదులుకున్నది 4,72,000.

కొన్నవాళ్లకు కనిపించని ముడి ఇక్కడే ఒకటుంది. సెటిల్‌మెంట్ కాగితంలో "ఇంత బాకీ ఉన్నాం" అని సంతకం పెట్టగానే ఆ రోజు నుంచి మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. పాత గడువు తీరకముందే అసలులో కొంత కట్టినా అంతే, ఆ చెల్లింపు రాతపూర్వకంగా నమోదై ఉంటే చాలు. మధ్యలో ఒప్పందం చెడితే కొన్నవాడి పరిస్థితి మునుపటికన్నా బలహీనం. జులైలో కాలం చెల్లిపోవాల్సిన బాకీకి తన సంతకంతోనే కొత్త ఆయుష్షు పోసినట్టు అవుతుంది.

## ఇచ్చిన మాట మీద తర్వాత వెనక్కి తగ్గవచ్చా

ఇంగ్లండ్ చట్టంలో ఈ విషయం చిత్రంగా ఉంటుంది. పదివేల బాకీకి ఆరువేలు తీసుకుని "చెల్లు" అన్నవాడు, మిగతా నాలుగువేల కోసం మళ్లీ దావా వేయవచ్చన్నది అక్కడి పాత సూత్రం. 1602 నాటి పిన్నెల్ కేసులో మొదలై 1884లో ఫోక్స్ వర్సెస్ బీర్ తీర్పుతో అది గట్టిపడింది. వదులుకున్న నాలుగువేలకు బదులుగా అవతలివాడు కొత్తగా ఏమీ ఇవ్వలేదు కదా అన్నది దాని తర్కం.

మన 1872 కాంట్రాక్టు చట్టం ఆ దారిన పోలేదు. రావాల్సిన దాన్ని పూర్తిగానో కొంతో వదులుకునే హక్కు, దాని బదులు తనకు సరిపోతుందనుకున్నది తీసుకునే హక్కు 63వ సెక్షన్ ప్రకారం రావాల్సినవాడికి ఉంది. బదులుగా ఏదో ఇవ్వాలన్న షరతు లేదు. ఈ సెక్షన్ మీద ఎప్పుడూ ఉదహరించే సుప్రీంకోర్టు తీర్పుల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానానికి చెందినదే. నిజాం పెద్ద కుమారుడు ఆజం జా కొన్న నగల బాకీ వడ్డీతో సుమారు 27 లక్షలకు చేరింది. సంస్థానం విలీనమయ్యాక రాకుమారుల అప్పులు తేల్చడానికి వేసిన కమిటీ 20 లక్షలు ఇస్తామన్నది. నగల వ్యాపారులు ఆ డబ్బు తీసుకుని, పూర్తిగా చెల్లిందని రాసిచ్చి, తర్వాత మిగతాదానికి దావా వేశారు. 63వ సెక్షన్ చూపించి 1962లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

అంటే మన దగ్గర కాగితం సరిగా ఉంటే మాఫీ నిలబడుతుంది. "సరిగా" అంటే బిల్లు నంబరు, తేదీ, మొత్తం బాకీ, తీసుకున్నది ఎంత, వదిలేసింది ఎంత, ఇకపై ఆ బిల్లు మీద ఎలాంటి హక్కూ లేదన్న మాట. ఈ చివరి మాట లేకపోతే అది ఉత్త రసీదు. "ఖాతాలో జమ" అని మాత్రమే రాసిన రసీదును కొంత చెల్లింపు కిందే చూస్తారు. అప్పుడు మిగతా 4,72,000 బాకీగానే నిలుస్తుంది. లాభం అన్న ప్రశ్నే రాదు.

## లాభం పుట్టే తేదీ

2025 మార్చి 20న కాగితం రాసుకున్నారు. 7,08,000ను మూడు సమాన వాయిదాల్లో కట్టాలి. మార్చి 31, ఏప్రిల్ 30, మే 31న ఒక్కోసారి 2,36,000. "ఏ ఒక్క వాయిదా తప్పినా మొత్తం 11,80,000 కట్టాల్సిందే" అని షరతు పెట్టారు. ఇలాంటి షరతు దాదాపు ప్రతి సెటిల్‌మెంట్‌లోనూ ఉంటుంది, సప్లయర్ అది లేకుండా సంతకం పెట్టడు.

మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటులో ఏం చూపాలి? మూడొంతుల్లో ఒక వంతు కట్టారు కాబట్టి లాభంలోనూ మూడోవంతు చూపుదాం అనుకోవడం సహజమే కానీ పొరపాటు. బాధ్యత నుంచి చట్టపరంగా విముక్తి దొరికినప్పుడే అప్పును పుస్తకాల్లోంచి తీసేయాలి. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 109 ప్రమాణం ఈ మాటే సూటిగా చెబుతుంది. అప్పు తీరినప్పుడో, రద్దయినప్పుడో, గడువు తీరి ముగిసినప్పుడో దాన్ని తొలగించి, తేడాను లాభనష్టాల్లో చూపాలి. చిన్న సంస్థలకు ఆ ప్రమాణం వర్తించకపోయినా తర్కం అదే. మే 31 వాయిదా తప్పితే 11,80,000 బాకీ తిరిగి లేచి కూర్చుంటుంది కాబట్టి మార్చి 31న విముక్తి లేదు.

కాబట్టి ఆ రోజున సప్లయర్ ఖాతాలో బాకీ 11,80,000 మైనస్ 2,36,000, అంటే 9,44,000. లాభం సున్నా. మొత్తం లాభం 2025-26 లెక్కల్లోకి వస్తుంది. ఇదే ఒప్పందంలో షరతు లేకుండా "4,72,000 ఈ రోజు నుంచి మాఫీ, మిగతాది వాయిదాల్లో" అని ఉంటే, లాభం మార్చి 20నే పుట్టేది, పన్ను కూడా ఏడాది ముందే వచ్చేది. ఒక్క వాక్యం తేడాతో ఏడాది మారిపోతుంది.

మే 31న ఆఖరి వాయిదా కట్టాక పడే ఎంట్రీ సాదాసీదాగానే ఉంటుంది. సప్లయర్ ఖాతాలో మిగిలిన బాకీ డెబిట్, బ్యాంకు 2,36,000 క్రెడిట్, తేడా 4,72,000 "బాకీల సెటిల్‌మెంట్ మీద లాభం" కింద క్రెడిట్. దాన్ని కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్ చేయకూడదు. రెండు సందర్భాలను కలిపేయడం వల్ల ఈ తప్పు జరుగుతుంది. షీట్లు తుప్పుపట్టి వచ్చాయనో మందం తగ్గిందనో ధర తగ్గించి ఉంటే అది నిజంగా కొనుగోలు ధరలో తగ్గింపే. ఇక్కడ సరుకులో లోపం లేదు, కట్టలేకపోవడం వల్ల వచ్చిన మాఫీ ఇది. 2022లో వాడేసిన స్టీలు ధరను 2025 కొనుగోళ్లలోంచి తీసేస్తే ఈ ఏడాది మార్జిన్ లేనిపోని మెరుగుదల చూపిస్తుంది.

## జీఎస్టీలో కరిగే 72,000

చిన్న సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బిల్లు మీది 1,80,000ను కొన్న సంస్థ 2022లోనే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తీసుకుంది, అంటే తన అమ్మకాల మీద కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంది. కానీ జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే, కట్టని మేరకు ఆ క్రెడిట్ వెనక్కి ఇచ్చేయాలి. ఈ బిల్లుకు 180 రోజులు 2022 డిసెంబర్ 7తో నిండాయి. ఒక్క రూపాయీ కట్టలేదు కాబట్టి మొత్తం 1,80,000ను ఆ తర్వాతి జీఎస్టీ రిటర్ను `GSTR-3B`లో తిప్పి కట్టాలి. తర్వాత సప్లయర్‌కు డబ్బు కట్టినప్పుడు ఆ మేరకు క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు, దానికి గడువేమీ లేదు.

ఇప్పుడు కట్టింది 7,08,000. అందులో పన్ను భాగం 1,08,000. ఒక్కో వాయిదాకు 36,000 చొప్పున ఇది తిరిగి వస్తుంది. మాఫీ అయిన 4,72,000లో 4,00,000 సరుకు ధర, 72,000 పన్ను. ఈ 72,000 సప్లయర్‌కు కట్టలేదు, ఇక కట్టేదీ లేదు. కాబట్టి ఆ క్రెడిట్ పూర్తిగా పోయినట్టే. పుస్తకాల్లో దీన్ని ఖర్చుగా రాస్తే నికర లాభం 4,00,000 అవుతుంది.

180 రోజుల నిబంధనను ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుంది? చాలా చోట్ల జరిగేది అదే. పాత బాకీ లెడ్జర్‌లో ఉంటుంది, క్రెడిట్ తిప్పి కట్టిన ఆనవాలు ఉండదు. సెటిల్‌మెంట్ ఎంట్రీ పడగానే, ఆడిట్‌కు వచ్చిన అధికారికి ఆ ఒక్క ఎంట్రీయే దారి చూపిస్తుంది. ఆ క్రెడిట్‌ను వాడేసి ఉంటే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. 1,80,000 మీద రెండేళ్లకు అది 64,800. మిగిలిందనుకున్న దానిలోంచి ఇంకో పెద్ద ముక్క పోయినట్టే.

సప్లయర్ వైపు చూస్తే ఇంకా అన్యాయంగా కనిపిస్తుంది. అతను 1,80,000 పూర్తిగా కట్టేశాడు. రాని బాకీ మీది పన్ను తిరిగి ఇచ్చే ఏర్పాటు మన జీఎస్టీలో లేదు. బ్రిటన్ వ్యాట్‌లో ఆరు నెలలు దాటిన మొండిబాకీల మీది పన్ను వెనక్కి తీసుకునే వీలుంది, ఇక్కడ అలాంటిది పెట్టలేదు. పన్ను తగ్గించే క్రెడిట్ నోట్ ఇవ్వాలన్నా 2022-23 బిల్లుకు గడువు 2023 నవంబర్ 30తోనే పోయింది. గడువు ఉన్నా అది సరుకు లోపం, సరుకు వాపసు, బిల్లులో ఎక్కువ పన్ను పడటం వంటి కారణాలకే తప్ప "డబ్బు రాలేదు" అన్న కారణానికి కాదు. చివరికి ఆ 72,000ను ఖజానా సప్లయర్ దగ్గరా ఉంచుకుంది, కొన్నవాడి క్రెడిట్‌లోనూ కోసింది. బేరం ఆడేటప్పుడు ఇద్దరూ ఈ అంకెను బల్ల మీద పెట్టుకుంటే మంచిది. సరుకు ధరలో మాత్రమే తగ్గించుకున్నామని కాగితంలో రాసుకుని, జీఎస్టీ 1,80,000 పూర్తిగా కట్టే ఏర్పాట్లు కూడా కొందరు చేసుకుంటారు. అయితే 180 రోజుల నిబంధన ధరా పన్నూ రెండూ కలిపి కట్టాలంటుంది కనుక అధికారి దాన్ని ఒప్పుకుంటాడన్న భరోసా లేదు.

## ఆదాయపు పన్ను: ఇచ్చిన మినహాయింపు వెనక్కి

మాఫీ మీద పన్ను ఏమిటి, చేతికి రూపాయి రాలేదు కదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 41(1) సెక్షన్‌లోని తర్కం తెలిస్తే అది తేలిపోతుంది. 2022-23లో 10,00,000 స్టీలును ఖర్చుగా చూపి సంస్థ తన ఆదాయం తగ్గించుకుంది. అప్పుడు ఒక్క రూపాయీ కట్టలేదు, బాకీ ఉన్నామన్న మాట మీదే శాఖ ఆ మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడు తేలిందేమిటంటే స్టీలుకు అసలు పడిన ఖర్చు 6,00,000. ఎక్కువగా ఇచ్చిన 4,00,000 మినహాయింపును మాఫీ జరిగిన ఏడాది ఆదాయంగా కలుపుతారు. 72,000 పన్ను భాగాన్ని ఎప్పుడూ ఖర్చుగా చూపలేదు కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు.

భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. 4,00,000 మీద 1,24,800. ఇక లెక్క పూర్తవుతుంది. సప్లయర్ వదిలింది 4,72,000. జీఎస్టీ క్రెడిట్‌లో పోయింది 72,000. ఆదాయపు పన్ను 1,24,800. మిగిలింది 2,75,200. వదులుకున్న ప్రతి వంద రూపాయల్లో సంస్థకు దక్కింది 58 రూపాయలు. అది కూడా 180 రోజులు నిండాక క్రెడిట్ సకాలంలో తిప్పి కట్టి ఉంటేనే.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ సూత్రం అలాగే కొనసాగుతోంది.

## పన్ను పడని మాఫీలు

ముందు మినహాయింపు ఇచ్చారా లేదా అన్నదే కీలకం కనుక, ఇవ్వని చోట 41(1) పనిచేయదు. దీనికి పేరున్న ఉదాహరణ మహీంద్రా అండ్ మహీంద్రా కేసు. జీపుల తయారీ పరికరాలు కొనడానికి అమెరికాలోని కైజర్ జీప్ కార్పొరేషన్ నుంచి కంపెనీ అప్పు తీసుకుంది. కైజర్‌ను తర్వాత కొన్న అమెరికన్ మోటార్స్ ఆ అప్పు వదిలేసింది. సుమారు 57.74 లక్షలు. అది యంత్రపరికరాల కోసం తీసుకున్న అప్పు, వ్యాపార ఖర్చుగా ఎప్పుడూ చూపింది కాదు, కాబట్టి 41(1) వర్తించదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాపారంలో కలిగే ప్రయోజనాల విలువ మీద పన్ను వేసే 28(iv) సెక్షన్ కూడా, మాఫీ డబ్బు రూపంలో ఉంది కాబట్టి పనిచేయదంది. ఆ రెండో దారిని 2023 ఫైనాన్స్ చట్టంతో మూసేశారు. డబ్బు రూపంలో వచ్చే ప్రయోజనాన్నీ 28(iv)లోకి తెచ్చారు. పాత తీర్పును ఇంకా ధీమాగా చూపించేవారు ఈ సవరణను గుర్తుంచుకోవాలి.

ఇంకో సందర్భం సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలు. ఉద్యమ్ నమోదు ఉన్న తయారీదారుకో సేవలందించేవారికో గడువులోగా, గరిష్ఠంగా 45 రోజుల్లో, కట్టకపోతే 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) సెక్షన్ ప్రకారం ఆ ఖర్చును కట్టిన ఏడాదే ఒప్పుకుంటారు. అలా ఒప్పుకోకుండా ఆపేసిన మొత్తంలో కొంత తర్వాత మాఫీ అయితే, ఆ కొంతకు మినహాయింపు ఎప్పుడూ రాలేదు. మళ్లీ ఆదాయంగా కలిపితే ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను పడుతుంది. పాత ఏడాది పన్ను లెక్కల కాగితాలు దాచుకోని సంస్థ ఈ వాదన రుజువు చేయలేదు. మన స్టీలు ఉదాహరణలో ఈ చిక్కు లేదు. బిల్లు 2022 నాటిది, సప్లయర్ తయారీదారు కాక వ్యాపారి.

## ఒప్పందం లేకుండా సొంతంగా కొట్టేస్తే

కొన్ని సంస్థలు సప్లయర్‌తో మాట్లాడకుండానే పాత బాకీని రైటాఫ్ చేసి లాభంలో కలుపుకుంటాయి. మూడేళ్లు దాటింది కదా, ఇక అడగడు అన్నది ధైర్యం. కానీ కాలపరిమితి దాటితే పోయేది దావా వేసే హక్కే, బాకీ కాదు. సుగౌలి షుగర్ వర్క్స్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపి, బాకీదారు తన పుస్తకంలో ఏకపక్షంగా రాసుకున్నంత మాత్రాన బాధ్యత ముగియదన్నది. ఆ తీర్పు పాత సంవత్సరాలకు చెందినది. అప్పటికే చట్టానికి ఒక వివరణ చేర్చారు. ఏకపక్షంగా కొట్టేసినా సరే, పుస్తకాల్లో కొట్టేసిన ఏడాదే దాన్ని ఆదాయంగా చూస్తారు. అంటే రైటాఫ్ చేసిన సంస్థ ఆదాయపు పన్ను కడుతుంది, కానీ సప్లయర్ నుంచి విముక్తి కాగితం మాత్రం దగ్గర ఉండదు. సెటిల్‌మెంట్‌లో కనీసం పన్నుకు బదులు ఆ కాగితమైనా దొరుకుతుంది.

## బ్యాంకు ఆ లాభాన్ని ఎలా చూస్తుంది

2025-26లో ఆటోనగర్ సంస్థ వ్యాపారం మీద 6,00,000 లాభం సంపాదించిందనుకుందాం. సెటిల్‌మెంట్‌తో అది 10,00,000గా కనిపిస్తుంది. కానీ ఆ 4,00,000 వల్ల ఖాతాలోకి రూపాయి రాలేదు. పైగా మార్చి నుంచి మే మధ్య 7,08,000 బయటకు వెళ్లింది. నగదు ప్రవాహ పట్టికలో లాభంలోంచి ఈ 4,00,000ను తీసేయాలి. సీసీ లిమిట్ పెంచమని వెళ్తే బ్యాంకు క్రెడిట్ ఆఫీసరు మొదట చేసేదీ అదే. ఆ అంకెను "ఇతర ఆదాయం"లో విడిగా చూపించి, కింద రెండు వాక్యాల వివరణ పెడితే అతనికి పని సులువు. కొనుగోళ్లలో కలిపేస్తే అతను కనుక్కోలేకపోవచ్చు. కానీ మరుసటి ఏడాది మార్జిన్ పడిపోయినప్పుడు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమవుతుంది. అడిగేవాళ్లు ఇంకొకరు కూడా ఉన్నారు. సప్లయర్ తన ఆడిటర్ కోసం పంపే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్‌లో ఇంకా 4,72,000 చూపిస్తూ ఉంటే, ఆ సెటిల్‌మెంట్ కాగితం అవతలి పుస్తకాల దాకా చేరలేదని అర్థం. దాన్ని వెంటనే సరిచేయించుకోవాలి.